ఆరు నెలల పాప నిద్ర: ఫేడింగా, పికప్ పుట్ డౌనా?

ప్రశ్న: మా పాపకి ఆరు నెలలు నిండాయి. భుజాన వేసుకుని అరగంట, ముప్పావుగంట ఊపితే తప్ప పడుకోదు. పక్క మీద పెట్టగానే కళ్లు తెరుస్తుంది. రాత్రి గంటకోసారి లేస్తుంది, మళ్లీ ఊపాలి. గదిలో ఒక్కదాన్నే ఏడవనిచ్చి బయటికి రావడం నా వల్ల కాదు. ఫేడింగ్ అని ఒకటి, పికప్ పుట్ డౌన్ అని ఒకటి చదివాను. ఏది మొదలుపెట్టమంటారు?

జవాబు: ఫేడింగ్‌తో మొదలుపెట్టండి. పికప్ పుట్ డౌన్‌ని మధ్యలో ఒక మెట్టు దగ్గర అవసరమైతే వాడుకునే సాయంగా పక్కన పెట్టుకోండి. పిల్లల విభాగంలో నర్సుగా పదకొండేళ్లు పనిచేశాను, ఇద్దరు పిల్లల తల్లిని. ఈ రెండు పద్ధతులూ మా ఇంట్లోనూ చేశాం, నా దగ్గరికి వచ్చిన తల్లిదండ్రుల చేతా చేయించాను. ఎందుకు ఇలా అంటున్నానో కాస్త వివరంగా చెబుతాను.

ముందు మీ పాప ఎందుకు లేస్తోందో చూద్దాం. ఈ వయసు పిల్లల నిద్ర దాదాపు 50, 60 నిమిషాలకి ఒక చుట్టు తిరుగుతుంది. చుట్టు పూర్తయినప్పుడల్లా నిద్ర పలచబడి, బిడ్డ కాస్త కదులుతుంది, ఒక్కోసారి కళ్లు తెరుస్తుంది. ఇది జబ్బు కాదు, మనమూ ఇలాగే లేస్తాం. దిండు తలకిందే ఉంది, పక్క అదే పక్క అని తెలిసి మళ్లీ నిద్రలోకి జారిపోతాం కాబట్టి పొద్దున్నకి గుర్తుండదు. మీ పాప కళ్లు మూసినప్పుడు భుజం ఉంది, ఊపు ఉంది, మీ ఒంటి వెచ్చదనం ఉంది. కళ్లు తెరిచేసరికి అవేవీ లేవు, చదునైన పరుపు ఉంది. మనల్ని మంచం మీద పడుకోబెట్టి, వంటగది నేల మీద మెలకువ తెప్పిస్తే ఎలా ఉంటుందో అలాంటిదే. అందుకే గంటకోసారి అంటున్నారు. లేవడాన్ని మనం ఆపలేం. కళ్లు మూసేటప్పుడు ఉన్నదీ, తెరిచినప్పుడు కనబడేదీ ఒకటే అయ్యేలా చూడగలం. రెండు పద్ధతులూ చివరికి చేసేది ఇదే, దారులే వేరు.

ఫేడింగ్ అనే మాటకి రెండు అర్థాలున్నాయి, చదివినచోట రెండూ కలిసిపోయి ఉండొచ్చు. ఒకటి పడుకునే సమయానికి సంబంధించింది: బిడ్డకి నిజంగా నిద్ర వచ్చే సమయానికి పక్క చేర్చి, అక్కడ నిద్ర త్వరగా పట్టడం అలవాటయ్యాక పదిహేనేసి నిమిషాలు ముందుకి జరపడం. రెండోది మన సాయానికి సంబంధించింది: ఊపడం, జోకొట్టడం, చేయి వేసి ఉండటం, పక్కన కూర్చోవడం, ఇలా సాయాన్ని మెట్టుమెట్టుగా తగ్గించడం. మీకు రెండూ కావాలి, అదీ ఈ వరసలోనే. సమయం సరిచేయకుండా సాయం తగ్గించబోతే, నిద్ర రాని పిల్లని పక్క మీద పెట్టి జోకొడుతున్నట్టు ఉంటుంది. ఆ ఏడుపు మీ పద్ధతి వల్ల వచ్చింది కాదు, తొందరపాటు వల్ల వచ్చింది.

పికప్ పుట్ డౌన్ సంగతి. బిడ్డని మెలకువగానే పక్క మీద పెడతారు. ఏడిస్తే ముందు పక్క మీదే జోకొట్టి చూస్తారు. ఆగకపోతే ఎత్తుకుంటారు. ఏడుపు ఆగిన క్షణాన, నిద్రపోకముందే, మళ్లీ పడుకోబెడతారు. మళ్లీ ఏడిస్తే మళ్లీ ఎత్తుతారు. పక్క మీదే నిద్రపోయేదాకా ఇదే. వినడానికి చాలా మెత్తగా ఉంటుంది, ఏడిచినప్పుడల్లా తల్లి చేతుల్లోనే ఉంటుంది కదా అనిపిస్తుంది. మూడు నాలుగు నెలల పిల్లల్లో చాలామందికి అలాగే పనిచేస్తుంది కూడా, ఎందుకంటే ఎత్తుకుంటే ఒళ్లు సడలుతుంది. ఆరు నెలలు వచ్చేసరికి బిడ్డ మారిపోతుంది. ఎత్తుకోవడం అంటే ఏమిటో తెలుసు, దింపబోతున్నారనీ తెలుసు. మీ మెడ మీద నుంచి గది చూస్తుంది, గొలుసు పట్టుకుంటుంది. దింపిన ప్రతిసారీ పోగొట్టుకున్నట్టు ఏడుస్తుంది. ఎత్తడం ఒక ఆశ, దింపడం ఒక నిరాశ. అదే గంటలో ముప్పై నలభై సార్లు జరిగితే బిడ్డకీ మనకీ ఒళ్లు హూనమవుతుంది.

మా పెద్దాడితో ఇదే జరిగింది. ఆరున్నర నెలలప్పుడు మొదలుపెట్టాను. ఎత్తగానే ఏడుపు ఆగేది, సరే అనుకునేదాన్ని. కానీ ఒళ్లు సడలేది కాదు. తల ఇటూ అటూ తిప్పేవాడు, కళ్లు పెద్దవి చేసి నా మొహం చూసి నవ్వేవాడు. దింపడానికి వంగగానే వీపు విల్లులా వంచి, రెండు చేతులతో నా జాకెట్టు పట్టుకునేవాడు. ప్రతి దింపుడికీ ఏడుపు గట్టిపడింది. యాభై నిమిషాల తర్వాత వాడికి నిద్ర పట్టింది గానీ, అది అలిసి సొమ్మసిల్లిన నిద్ర, నేర్చుకున్న నిద్ర కాదు. మూడు రాత్రులు అంతే. నాలుగో రాత్రి మానేసి సాయం తగ్గించే దారికి వచ్చాను. చిన్నదానికి మాత్రం అదే వయసులో పికప్ పుట్ డౌన్ సరిపోయింది. ఎత్తిన అరనిమిషంలో ముఖం నా మెడలో దాచుకుని, గుప్పిళ్లు విప్పేసేది. దింపితే ఒకటి రెండు సార్లు సణిగి, తల పక్కకి తిప్పేది. మొదటి రాత్రి పద్నాలుగు సార్లు ఎత్తాను, మూడో రాత్రి నాలుగు సార్లు, ఆరో రాత్రికి అవసరం పడలేదు.

కాబట్టి మీ పాపకి ఏది పడుతుందో తెలుసుకోవడానికి నేను చూడమనేది ఒక్కటే: ఏడుస్తున్నప్పుడు ఎత్తుకున్నాక మొదటి నిమిషంలో ఒళ్లు ఏం చేస్తోంది? ఏడుపు ఆగడం ఒక్కటే చూడకండి, అది ఇద్దరిలోనూ ఆగుతుంది. గుప్పిళ్లు విప్పి, మోకాళ్లు వదులై, బరువంతా మీ మీద వేస్తే ఎత్తడం ఆమెని నిద్రవైపు తీసుకెళుతోంది. తల నిలబెట్టి చూస్తూ, కాళ్లతో తన్నుతూ, మీ బట్టలు పట్టుకుంటే ఎత్తడం ఆమెని మేలుకొలుపుతోంది. రెండో రకం పిల్లకి పికప్ పుట్ డౌన్ చేయడమంటే, నిద్రపుచ్చుతున్నామనుకుంటూ గంటసేపు మేల్కొలపడమే. ముప్పావుగంట ఊపితే గానీ పడుకోదంటున్నారు కాబట్టి మీ పాప రెండో రకం అయ్యే అవకాశమే ఎక్కువ అనిపిస్తోంది. అయినా మీరే చూడండి.

మొదలుపెట్టేముందు కొన్ని చూసుకోవాలి. బరువు తగినంత పెరుగుతోందా అన్నది ముందు. పెరగకపోతే రాత్రి లేవడం ఆకలే కావచ్చు, అప్పుడు డాక్టరుని కలవకుండా ఇదేదీ వద్దు. పడుకోబెట్టగానే గట్టిగా ఏడ్చి, నిటారుగా ఎత్తితే మాత్రమే ఊరుకోవడం, పాలు తరచూ కక్కడం, చెవి పట్టుకుని ఏడవడం, నిద్రలో రోజూ గురక పెట్టడం ఉన్నా అంతే. నెలలు నిండకుండా పుట్టిన పాప అయితే వయసుని పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కవేయండి. పక్క గట్టిగా, చదునుగా ఉండాలి. దిండ్లు, దుప్పట్లు, బొమ్మలు, చుట్టూ మెత్తలు ఏవీ ఉండకూడదు. ప్రతిసారీ వెల్లకిలా పడుకోబెట్టాలి. తనంతట తను బోర్లా తిరిగితే తిరగనివ్వండి. ఇంకా గుడ్డలో చుట్టి పడుకోబెడుతుంటే, బోర్లా తిరగబోతున్న పిల్లకి అది ప్రమాదం, మానేయాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. రాత్రి గంటకోసారి లేచే తల్లులు సోఫాలోనో కుర్చీలోనో బిడ్డని ఎత్తుకునే కునుకు తీస్తారు. పసిపిల్లలకి చాలా ప్రమాదకరమైన చోట్లలో అది ఒకటి. కళ్లు మూతలు పడుతున్నాయంటే పాపని పక్క మీద పెట్టేయండి, ఏడ్చినా సరే, లేదా ఇంకొకరిని లేపండి.

ఇక పని. మొదటి మూడు రాత్రులు ఏమీ మార్చకండి, రాసుకోండి అంతే: ఎప్పుడు నిద్రపుచ్చడం మొదలుపెట్టారు, నిజంగా ఎప్పుడు పడుకుంది, ఎన్నిసార్లు లేచింది, పొద్దున ఎప్పుడు లేచింది, పగలు ఎంతసేపు పడుకుంది. ఆ వయసు పిల్లలకి పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర అంటారు, తేడా చాలా ఉందని గమనించండి. పన్నెండున్నర గంటలు చాలే బిడ్డని పద్నాలుగు గంటలు పడుకోబెట్టాలని చూస్తే, ఆ మిగిలిన గంటన్నరా ఊపుతూనే గడుస్తుంది.

ఇక్కడ ఒక బాబు సంగతి మొత్తం చెబుతాను, ఆరున్నర నెలలవాడు, మీ పాపలాగే భుజం మీద తప్ప పడుకోడు. తల్లి ఏడున్నరకి ఊపడం మొదలుపెట్టేది. మూడు రాత్రులు రాస్తే, నిద్రపోయింది 8:50, 9:05, 8:55కి. అంటే గంటన్నర సేపు ఊపుతోంది, దించుతోంది, మళ్లీ ఎత్తుతోంది. రాత్రి ఎనిమిది సార్లు లేచేవాడు, అందులో మూడుసార్లు పాలు. పొద్దున ఒకరోజు ఆరుకి, ఒకరోజు ఎనిమిదికి లేచేవాడు. రాత్రి నిద్ర చాల్లేదని తల్లి ఎప్పుడు వీలైతే అప్పుడు లేపకుండా వదిలేసేది.

ముందు సమయం సరిచేశాం. పొద్దున ఆరున్నరకి లేపడం, ఎలాంటి రాత్రి గడిచినా సరే. పగటి చివరి కునుకు ఐదున్నరకల్లా ముగిసేలా. రాత్రి ఎనిమిదిన్నరకి స్నానమో ఒళ్లు తుడవడమో, బట్టలు మార్చడం, లైటు తగ్గించి పాలు, ఒక పాట, తొమ్మిదికి నిద్ర. పాలకీ నిద్రకీ మధ్య కనీసం పదిహేను నిమిషాలు ఉండేలా, పాలు తాగుతూనే నిద్రపోకుండా చూశాం. ఊపడం మాత్రం ఇంకా ముట్టుకోలేదు. తొమ్మిదికి ఊపితే మొదటి రాత్రి పదహారు నిమిషాల్లో, మూడో రాత్రి పన్నెండు నిమిషాల్లో పడుకున్నాడు. తల్లికి అప్పటిదాకా ఈ పద్ధతి మీద నమ్మకం లేదు, ఆ పన్నెండు నిమిషాలతో కుదిరింది.

నాలుగో రాత్రి నుంచి ఊపు తగ్గించాం. కళ్లు బరువెక్కేదాకా ఊపి, ఆపి, కదలకుండా నిలబడాలి. నిద్ర మాత్రం కదలని చేతుల్లో పట్టాలి. మొదటిసారి ఆపగానే మూలిగాడు, కాళ్లు ఆడించాడు. అప్పుడు మళ్లీ ఊపొచ్చు, కానీ సగం వేగంతో, మళ్లీ ఆపాలి. ఆరు నిమిషాలు పట్టింది. మూడు రాత్రులకి నిలబడి ఎత్తుకుంటే చాలు అన్నచోటికి వచ్చాడు. పాపని పక్క మీద పెట్టే ముందు ఈ మెట్టుని చాలామంది వదిలేస్తారు. ఊపూ భుజమూ రెండూ ఒకే రాత్రి తీసేస్తారు. మెట్టు ఎత్తుగా ఉందని ఎలా తెలుస్తుందంటే, ఇరవై నిమిషాలు గడిచినా ఏడుపు తగ్గకుండా అదే ఎత్తున ఉంటుంది. మెట్టు సరైనదైతే ఏడుపు ఎగుడుదిగుడుగా ఉంటుంది: ఏడుస్తుంది, ఆగి వింటుంది, మళ్లీ సణుగుతుంది. ఆ ఆగడాల మధ్య దూరం పెరుగుతూ పోతుంది. గడియారం కంటే ఆ ఆగడాలనే వినండి.

ఏడో రాత్రి పక్క మీదికి. కదలని చేతుల్లో మగత వచ్చాక, ముందు పిరుదులు, తర్వాత వీపు, చివరికి తల ఆనేలా నెమ్మదిగా దించాలి. తల ముందు ఆనితే పడిపోతున్నట్టు ఉలిక్కిపడే పిల్లలు ఉంటారు. ఒక చేయి రొమ్ము మీద బరువుగా ఆనించి, రెండో చేత్తో తొడ మీద జోకొట్టాలి. మీ ముఖం మరీ దగ్గరగా పెట్టకండి, కళ్లల్లో కళ్లు పెట్టి చూడకండి, అది ఆటకి పిలుపు అవుతుంది. కష్టమైన రాత్రి ఇదే. ముప్పై ఐదు నిమిషాలు పట్టింది, అందులో గట్టిగా ఏడ్చింది మొత్తం పన్నెండు నిమిషాలు ఉంటుంది. ఇక్కడే పికప్ పుట్ డౌన్ వాడాం, రెండే రెండుసార్లు. గుక్కపట్టి ఏడుస్తున్నప్పుడు ఎత్తి, నిలబడి, నడవకుండా, ఊపకుండా, రెండు నిమిషాల లోపల శాంతించగానే మళ్లీ దించడం. పూర్తిగా నిశ్శబ్దం అయ్యేదాకా ఆగలేదు, గుక్క తగ్గితే చాలు. ఎనిమిదో రాత్రి పద్దెనిమిది నిమిషాలు, ఒకసారి ఎత్తారు. తొమ్మిదో రాత్రి పదకొండు నిమిషాలు, ఎత్తలేదు.

ఇక్కడ ఒక కొత్త తప్పు పుట్టుకొస్తుంది, ఆ తల్లికీ వచ్చింది. జోకొట్టడం బాగా పనిచేస్తోందని దాంతోనే నిద్రపట్టేదాకా కొట్టారనుకోండి, ఇంకో వారానికి భుజం పోయి జోకొట్టడం కొత్త భుజం అవుతుంది. రాత్రి రెండింటికి మంచం పక్కన వంగి, నడుం పట్టేసి, జోకొడుతూ ఉంటాం. అందుకే పక్క మీద పడుకోవడం మూడు రాత్రులు నిలకడగా సాగగానే జోకొట్టడం నెమ్మదించాలి, తర్వాత చేయి ఊరికే ఆనించాలి, తర్వాత కళ్లు మూతలు పడుతుండగానే చేయి తీసేసి పక్కన కూర్చోవాలి. ఒక్కో మెట్టుకి రెండు మూడు రాత్రులు చాలు, ఐదు రాత్రులు దాటి ఒకే మెట్టు మీద ఉంటే ఆ మెట్టు అలవాటుగా మారిపోతోందని అర్థం. చేయి తీసే రాత్రి మళ్లీ కాస్త ఏడుపు ఉంటుంది, అక్కడ చాలామంది వెనక్కి వెళ్లి మళ్లీ భుజానికి ఎక్కిస్తారు. వెనక్కి వెళ్లాల్సి వస్తే ఒక్క మెట్టే వెళ్లండి: చేయి తీస్తే కుదరలేదా, చేయి ఆనించండి, ఊపకండి.

పదో రాత్రి నుంచి సమయాన్ని కూడా ముందుకి జరిపాం. పక్క మీద పెట్టాక పదిహేను నిమిషాల లోపల వరసగా రెండు రాత్రులు నిద్రపోతే, మూడో రాత్రికి పదిహేను నిమిషాలు ముందుకి. తొమ్మిది నుంచి ఎనిమిది ముప్పావు, తర్వాత ఎనిమిదిన్నర, ఇరవై ఒకటో రాత్రికి ఎనిమిదింపావు. ఎనిమిదికి తెస్తే మళ్లీ ముప్పావుగంట ఆటలాడాడు, అంతే అక్కడ ఆపేశాం. తల్లి ఏడున్నర కావాలనుకుంది గానీ వాడి ఒంటికి ఎనిమిదింపావే సరి. అప్పటికి రాత్రి రెండుసార్లు లేస్తున్నాడు, ఒకసారి పాలు తాగుతున్నాడు, రెండోసారి తల్లి పక్కన కూర్చుంటే నాలుగైదు నిమిషాల్లో పడుకుంటున్నాడు. రాత్రి పది గంటల పావు, పగలు మూడు గంటలు. ఆరు నెలల బిడ్డకి ఒకసారి, కొందరికి రెండుసార్లు రాత్రి పాలు మామూలే, నేను వాటిని తీసేయమనను.

రాత్రి మధ్యలో లేచినప్పుడు ఏం చేయాలన్నది మీకు పెద్ద ప్రశ్న అవుతుంది. తెల్లవారుజామున మూడు లోపల లేస్తే ఆ రాత్రి ఏ మెట్టు మీద ఉన్నారో అదే చేయండి. నిద్ర ఒత్తిడి, అంటే ఒంటిని నిద్రలోకి లాగే బలం, ఎక్కువగా ఉండే సమయం కాబట్టి నేర్చుకోవడం సులువు. తెల్లవారుజామున మూడు దాటాక లేస్తే, మొదటి పది రోజులు మాత్రం, వెంటనే మీకు తెలిసిన మార్గంలోనే నిద్రపుచ్చండి, ఊపయినా సరే. ఆ సమయానికి నిద్ర ఒత్తిడి దాదాపు కరిగిపోయి ఉంటుంది. అప్పుడు గంటసేపు పాఠం చెప్పబోతే ఇద్దరికీ తెల్లారిపోతుంది. ఒక షరతు: ఆ నిర్ణయం గడియారాన్ని చూసి తీసుకోవాలి, ఏడుపుని చూసి కాదు. నలభై నిమిషాలు జోకొట్టి, ఏడిపించి, ఇక భరించలేక భుజానికెత్తి ఊపితే బిడ్డ నేర్చుకునేది, నలభై నిమిషాలు ఏడిస్తే భుజం దొరుకుతుందని. మూడు దాటింది కాబట్టి మొదటి నిమిషంలోనే ఎత్తితే ఆ పాఠం ఉండదు. ఇంట్లో ఇద్దరు చూసుకుంటుంటే ఈ గడియారం మాట ఇద్దరికీ ఒకటే ఉండాలి. ఒకరు జోకొట్టి, ఇంకొకరు జాలిపడి ఊపితే, ఏ పద్ధతి పెట్టుకున్నా నెల గడిచినా కదలదు. పాలు కూడా అంతే, ఏ సమయం తర్వాత ఇస్తారో ముందే అనుకోండి, లేవగానే ఇచ్చేయండి.

నాలుగైదు రాత్రులు బాగా జరిగాక ఒక రాత్రి ఉన్నట్టుండి మొదటి రోజుకన్నా ఎక్కువ ఏడుస్తుంది. ఇది చాలామంది పిల్లల్లో వస్తుంది, పాత అలవాటు పోతూ పోతూ చేసే చివరి ప్రయత్నం లాంటిది. మెట్టు మార్చకుండా ఉంటే ఒకటి రెండు రాత్రుల్లో తగ్గుతుంది. జ్వరం, ముక్కు దిబ్బడ, టీకా వేసిన రోజు అయితే వేరు. అప్పుడు మెట్లన్నీ పక్కన పెట్టి ఎత్తుకోండి, తగ్గాక రెండు మెట్లు వెనక నుంచి మొదలుపెట్టండి. ఎనిమిది తొమ్మిది నెలలకి అమ్మ కనబడకపోతే భయపడే దశ వస్తుంది. ఇప్పుడు మొదలుపెడితే అప్పటికి అలవాటు కుదురుకుని ఉంటుంది, అందుకని ఈ నెల మంచి సమయం.

ఏడుపు వల్ల పాపకి హాని జరుగుతుందేమోనన్న భయం మీ మాటల్లో కనబడింది. ఆస్ట్రేలియాలో చేసిన రెండు అధ్యయనాలు ఈ విషయంలో నాకు నమ్మకాన్నిచ్చాయి. 2012లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చినదాంట్లో, ఏడు నెలలప్పుడు నిద్ర సమస్య ఉన్న 326 మంది పిల్లలని ఆరేళ్ల వయసుదాకా చూశారు. కొన్ని కుటుంబాలకి మధ్యమధ్య వెళ్లి ఓదార్చే పద్ధతో, పక్కన కూర్చుని మెల్లగా దూరం జరిగే పద్ధతో నేర్పారు. ఆరేళ్లకి పిల్లల మనసులోనూ, ప్రవర్తనలోనూ, తల్లితో అనుబంధంలోనూ తేడా కనబడలేదు, మంచికీ చెడుకీ. 2016లో అదే పత్రికలో వచ్చింది చిన్నది, 6 నుంచి 16 నెలల పిల్లలు 43 మంది. అందులో పడుకునే సమయాన్ని జరిపే ఫేడింగ్ పరీక్షించారు. పిల్లలు త్వరగా నిద్రపోయారు, ఒత్తిడి హార్మోను పెరగలేదు, ఏడాది తర్వాత అనుబంధంలో తేడా లేదు. కానీ రాత్రి మెలకువలు బాగా తగ్గింది మాత్రం ఏడుపుకి వెంటనే వెళ్లకుండా కొంచెం కొంచెం ఆలస్యం చేసే మరో గుంపులో. నాకు అందులో తెలిసేదేమంటే, సమయం ఒక్కటే సరిచేస్తే సాయంత్రం సులువవుతుంది గానీ గంటకోసారి లేవడం పోదు. దానికి సాయం తగ్గించే మెట్లు కావాల్సిందే. పికప్ పుట్ డౌన్‌ని ఈ రెండు అధ్యయనాల్లోనూ పరీక్షించలేదు. దాని గురించి నేను చెప్పింది నా కళ్లతో చూసిన పిల్లల సంగతే.

మీ పాప మొదటి రకం, అంటే ఎత్తగానే ఒళ్లు సడలే పిల్ల అని తేలితే, ఊపు తగ్గించే మెట్టు అయిపోయాక నేరుగా పికప్ పుట్ డౌన్‌కి వెళ్లిపోవచ్చు. అప్పుడు మీరు తప్పక పాటించాల్సినవి మూడు. సణుగుడుకి ఎత్తకండి, ఏడుపుకే ఎత్తండి. సణుగుతున్నప్పుడు ఎత్తితే నిద్రలోకి జారుతున్న పిల్లని మీరే లేపినట్టు. ఎత్తాక నిద్రపోనివ్వకండి, లేకపోతే మళ్లీ భుజం నిద్రే. రెండు మూడు నిమిషాల్లో ఏడుపు తగ్గకపోతే ఇంకా పట్టుకుని ఉండకండి, దించి చేయి ఆనించండి, కాసేపాగి మళ్లీ ఎత్తొచ్చు. మోకాళ్లు వంచి ఎత్తండి, నడుం వంచి కాదు. ఇరవై సార్లు ఎత్తాక ఈ మాట విలువ తెలుస్తుంది. ఐదు రాత్రుల తర్వాత కూడా ఎత్తే లెక్క సగానికి తగ్గకపోతే మానేసి, చేయి వేసే మెట్టుకి రండి.

పగటి కునుకుల జోలికి మొదటి రెండు వారాలు వెళ్లకండి. పగలు నిద్ర ఒత్తిడి తక్కువ, వెలుతురు ఉంటుంది, ఇంట్లో అలికిడి ఉంటుంది. రాత్రి కుదిరినదే పగలు కుదరడానికి ఇంకో పది రోజులు ఎక్కువే పడుతుంది. పొద్దున లేచిన రెండు, రెండున్నర గంటలకి వచ్చే మొదటి కునుకుతో పగటి మెట్లు మొదలుపెట్టండి, అది చాలామందిలో త్వరగా కుదురుతుంది. ఇరవై నిమిషాలు ప్రయత్నించి రాకపోతే ఆపేసి ఎత్తుకుని నిద్రపుచ్చండి, ఆ కునుకు పోగొట్టుకోవడం కన్నా అదే మేలు. సాయంత్రం మూడో కునుకు మీ భుజం మీద, మీరు మెలకువగా నడుస్తూ ఊపుతూ ఉన్నా సరే. ఆ ముప్పై నిమిషాల ఊపు రాత్రి నేర్చుకున్నదాన్ని పాడుచేయడం నేనెప్పుడూ చూడలేదు.